నూట ఇరవై నాలుగు నెంబరు నీళ్ళు

మా మేనకోడలి మొగుడికి కొలతలంటే ప్రాణం. రంగుల ఫ్యాక్టరీలో డబ్బాలోని రంగు చిక్కగా ఉందో పలచగా ఉందో చూసే ఉద్యోగం అతనిది. పగలంతా గాజు గొట్టాలు పట్టుకుని నెంబర్లు రాసుకుంటాడు, ఇంటికొచ్చాక కూడా ఆ జబ్బు వదలదు. అన్నం ఉడకడానికి ఎన్ని నిమిషాలో గడియారం చూసి చెబుతాడు గాని, ఒక్క మెతుకు పట్టి చూడమంటే ఒప్పుకోడు.

"కొలవలేనిదాన్ని నేను నమ్మను, మామయ్యగారూ" అనేవాడు.

మరి పెళ్ళాన్ని ఏ కొలతతో నమ్మాడో నేనెప్పుడూ అడగలేదు. అడిగితే జేబులోంచి ఏదో ఒక పరికరం తీస్తాడని భయం.

వానలు మొదలయ్యే ముందు అతనికి ఈ కొత్త ఊరికి బదిలీ అయింది. మా మేనకోడలికి అప్పటికి ఏడో నెల. పురిటికి తోడుండాల్సిన మా చెల్లెలు తుంటి విరిగి మంచంలో ఉంది. "నువ్వెళ్ళు అన్నయ్యా. ఏమీ చెయ్యకపోయినా పక్కన మనిషుంటే ధైర్యం" అని నన్ను సాగనంపింది. నేను ఏమీ చెయ్యకుండా ఉండటంలో ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి కనుక వెంటనే బయలుదేరాను.

మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. వంటింటి కిటికీ తెరిస్తే అవతలి ఇంటివాళ్ళ వంటిల్లు. వాళ్ళు కూర మాడ్చితే మేము దగ్గేవాళ్ళం. కుళాయిలో నీళ్ళు పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట.

వచ్చిన వారానికి ఆసుపత్రిలో చూపించాం. డాక్టరమ్మ పొట్ట తడిమి, కాగితం మీద ఏదో గీకి, కలం పక్కన పెట్టి చెప్పింది.

"ఈ ఊరు మీకు కొత్త. వానాకాలంలో ఇక్కడ పైపుల్లోకి మురుగు దిగుతుంది. నీళ్ళతో వచ్చే పచ్చకామెర్లు మీ ఆయనకొస్తే నెల రోజులు పడుకుని లేస్తాడు. చివరి నెలల్లో నీకొస్తే ప్రాణం మీదికి వస్తుంది, నీకూ, లోపల ఉన్నదానికీ. అందుకని తాగే ప్రతి చుక్కా కాచి తాగు. వేడెక్కడం కాదు, సలసల మరగాలి. పెద్ద పెద్ద బుడగలొచ్చి నీళ్ళు కిందా మీదా తిరగబడాలి. అలా ఒక నిమిషం నిండాక దించి, మూత పెట్టి, అదే గిన్నెలో చల్లారనివ్వు."

చిన్నపిల్లకి కూడా అర్థమయ్యే మాట. అమ్మాయికి అర్థమైంది. నాకు సగం అర్థమైంది. అతనికి మాత్రం "నీళ్ళు" అన్న ఒక్క మాటే వినిపించింది. తిన్నగా వెళ్ళి, నీళ్ళలో ముంచితే నెంబరు చూపించే మీటరు, కలం సైజులో ఉన్నది ఒకటి కొనుక్కొచ్చాడు.

ఈలోగా కాచే పని నా మీద పడింది. నిండు మనిషి పెద్ద గిన్నె ఎత్తలేదు కదా. నాకేమో కాచిన నీళ్ళంటే చులకన. మా ఊళ్ళో బావి నీళ్ళు ఎంత గట్టివంటే, ఆ నీళ్ళతో పప్పు మూడు రోజులు ఉడికిస్తే గోలీలయ్యేవి. పిల్లలు వాటితో ఆడుకునేవాళ్ళు. ఆ నీళ్ళు తాగిన గేదె పాలకు బదులు సున్నం ఇచ్చేది, మేము దాంతోనే గోడలకు వెల్ల వేసుకునేవాళ్ళం. అలాంటి నీళ్ళు తాగి పెరిగిన పొట్ట నాది. మేకులు మింగినా తుప్పు పట్టనివ్వదు.

ఓ రోజు మరిగిన నీళ్ళు దించాను. దాహం ఆగలేదు. చెంబులో సగం వేడి నీళ్ళు పోసి, పైన కుళాయి నీళ్ళు కలిపి గోరువెచ్చగా చేసుకున్నాను. గుమ్మంలో అమ్మాయి నిలబడి ఉంది.

"ఏంటి మామయ్యా అది?"

"చల్లార్చానే."

"చల్లార్చలేదు, కలిపావు. కాచిన నీళ్ళలో పచ్చి నీళ్ళు పోస్తే ఇంక కాచినట్టా? గ్యాసు దండగ, నీ నడుం దండగ."

"సగం కాచినవే కదే!"

"ఆ, సగం కామెర్లొస్తాయి."

చెంబు లాక్కుని నీళ్ళు పారబోసింది. వేళ్ళు ముంచకుండా నీళ్ళు తోడటానికి పొడుగు కాడ గరిటె ఒకటి మూత మీద పెట్టింది. కూరగాయలు కడిగేందుకూ, పళ్ళు తోముకుని పుక్కిలించేందుకూ కూడా ఆ గిన్నె నీళ్ళే వాడాలంది. డెబ్బై రెండేళ్ళ వయసులో పుక్కిలించడం మళ్ళీ మొదటినుంచి నేర్చుకున్నాను.

మొగుడుగారు ఇవన్నీ జాలిగా చూసేవాడు. అడవి మనుషులు రాళ్ళు రాపాడించి నిప్పు పుట్టించడం చూసే దొరలా. "ఇంకా గిన్నెలేంటి? మిషను పెట్టిద్దాం" అన్నాడు.

ఆదివారం నన్నూ వెంటబెట్టుకుని ఫిల్టర్ల దుకాణానికి వెళ్ళాడు. దుకాణంవాడు బొత్తాలు బిగుసుకున్న చొక్కా వేసుకుని, గోడ నిండా తెల్ల పెట్టెలు వేలాడదీసుకుని ఉన్నాడు. మూడు రకాలన్నాడు. మట్టి కొవ్వొత్తిలాంటి దాంట్లోంచి నీళ్ళు వడగట్టేది ఒకటి, నీలం దీపంతో క్రిములను చంపేది ఒకటి, ఆ దీపానికి తోడు సన్నటి పొరలోంచి నీళ్ళను నొక్కి ఉప్పుల్ని కూడా ఆపేసేది ఒకటి.

"మీ ఏరియాలో ఏ నీళ్ళొస్తాయి? మబ్బుగా ఉంటాయా? ఉప్పగా ఉంటాయా? కరెంటు ఎంతసేపు పోతుంది?" అని వాడు అడగాలి. నాబోటివాడికే తట్టింది అది. నీళ్ళు మడ్డిగా ఉంటే క్రిములు మన్ను చాటున దాక్కుంటాయి, దీపం వెలుగు తగలదు. కరెంటు లేకపోతే దీపమే లేదు. వాడు ఇవేవీ అడగలేదు. రెండు గ్లాసులు తీశాడు. ఒకదాంట్లో కుళాయి నీళ్ళు, ఒకదాంట్లో మిషను నీళ్ళు. రెండింటిలోనూ కరెంటు తీగలు తగిలించిన ఇనప ఊచలు ముంచాడు. కుళాయి నీళ్ళు నిమిషంలో ఎర్రమట్టిలా అయిపోయాయి. మిషను నీళ్ళు అలాగే ఉన్నాయి.

"చూశారా సార్, మీరు రోజూ తాగే మురికి" అన్నాడు వాడు, చచ్చినవాడి ఫొటో చూపించినంత విచారంగా.

మా అల్లుడి మొహం పాలిపోయింది. నాకు మాత్రం ఆ దుకాణంవాడి మీద ముచ్చటేసింది. అబద్ధాన్ని అంత శుభ్రంగా తోమి పెట్టేవాళ్ళు మా కాలంలో తక్కువ. నా జేబులో జామకాయతో పాటు ఇచ్చిన ఉప్పు పొట్లం ఉంది. చిటికెడు తీసి ఆ మిషను నీళ్ళలో వేశాను.

"ఇప్పుడు పెట్టు నీ ఊచలు."

"అయ్యో పెద్దాయనా, అలా వెయ్యకూడదు..."

"పెట్టవయ్యా."

పెట్టాడు. మిషను నీళ్ళు కూడా ఎర్రబడ్డాయి. ఆ ఎరుపు నీళ్ళది కాదు, ఊచల తుప్పు. ఉప్పుంటే కరెంటు పారుతుంది, కరెంటు పారితే ఇనుము కరుగుతుంది. దుకాణంవాడు గ్లాసు బల్ల కింద పెట్టేసి, నా వయసెంతని గౌరవంగా అడిగాడు.

ఇంత చూశాక ఎవడైనా లేచి వస్తాడు. మా అల్లుడు మీటరు తీశాడు. కుళాయి నీళ్ళలో ముంచితే రెండు వందల అరవై. మిషను నీళ్ళలో పద్దెనిమిది. "మామయ్యగారూ, ఊచల సంగతి వదిలెయ్యండి. నెంబరు అబద్ధమాడదు" అన్నాడు.

"ఆ నెంబరు దేనిదయ్యా?"

"నీళ్ళలో కరిగినవాటిది."

"క్రిములు కరుగుతాయా?"

ఇద్దరూ నా వంక అదోలా చూశారు. పెట్టె బండెక్కింది.

పెట్టె గోడకెక్కాక ఇంట్లో ఒక దేవుడు వెలిసినట్టే అయింది. నేను మళ్ళీ గిన్నె పొయ్యి మీద పెట్టబోతే అతను అడ్డుపడ్డాడు. "మిషను నీళ్ళు మళ్ళీ కాచడమేంటి, పుట్టిన పిల్లని మళ్ళీ కన్నట్టు! కాస్తే ఉన్న ఖనిజాలు కూడా పోతాయి."

"డాక్టరమ్మ కాచమంది కదండీ" అంది అమ్మాయి.

"ఆవిడకి మనింట్లో ఏముందో తెలీదు కదా. తెలిస్తే వద్దనేది."

అమ్మాయి నా వైపు చూసింది. నేనొక్క మాట అంటే నిలబడేది. కాని రోజూ రెండు పూటలా ఆ గిన్నె ఎత్తి దించి నా నడుం విరిగి ఉంది. "పోనీలేవే, అన్ని గొట్టాలున్నాయి, ఏదో ఒకటి ఆపుతుందిలే" అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా నోట్లో నేనే మట్టి కొట్టుకోవాలనిపిస్తుంది.

రెండు రోజులు తాగాం. నీళ్ళు చప్పగా ఉన్నాయి. ఆఫీసులో ఎవడో ఫోనుకు ఒక సందేశం పంపాడు. కడుపుతో ఉన్న ఆడవాళ్ళకు పద్దెనిమిది నెంబరు నీళ్ళు మంచివి కావట, ఎముకలు కరిగిపోతాయట, వంద దాటిన నీళ్ళే అమృతమట. పంపినవాడు ఎవడో, వాడికి ఎవడు పంపాడో ఎవరికీ తెలియదు. మా అల్లుడు మాత్రం దాన్ని డాక్టరమ్మ మాట కంటే పైన పెట్టాడు. దాంట్లో అంకె ఉంది మరి!

మెకానిక్కును పిలిపించాడు. అతను పెట్టె మూత తీసి, లోపల ఒక చిన్న స్క్రూ పట్టుకున్నాడు.

"ఎంత కావాలి సార్?"

"నూటపాతిక."

మెకానిక్కు స్క్రూ తిప్పాడు, మా అల్లుడు మీటరు ముంచాడు. అరవై. ఇంకా తిప్పు. తొంభై ఐదు. ఇంకొంచెం. నూట ఇరవై నాలుగు. "చాలు చాలు, ఆపు!" అని కేకేశాడు, పాలు పొంగిపోతున్నట్టు. ఇద్దరూ నవ్వుకున్నారు. నాకూ ఒక గ్లాసు ఇచ్చారు. తాగి చూశాను.

"ఇప్పుడొచ్చిందయ్యా రుచి. కుళాయి నీళ్ళలా ఉన్నాయి" అన్నాను.

అవును, అదే అన్నాను. చెవులు నావే, నోరు నాదే. ఆ రెంటికీ మధ్య ఉండాల్సింది మాత్రం ఆ పూట పనిచెయ్యలేదు.

పన్నెండు రోజులు ఆ నీళ్ళు తాగాం. అమ్మాయి కూడా తాగింది. ఆ రోజుల్లో వాన ఒక్క గంట కూడా ఆగలేదు. గొడుగు పట్టుకుని వెళ్తే గొడుగుకే జలుబు చేసేంత వాన. మా వీధిలో కేబుల్ వేసేవాళ్ళు గోతులు తవ్వి వదిలేశారు. ఆ గోతుల్లో తాగే నీళ్ళ పైపూ మురుగు పైపూ పక్కపక్కనే, తొలిసారి పరిచయమైన వియ్యంకుల్లా పడుకుని ఉన్నాయి. పొద్దున కుళాయి తిప్పితే మొదటి పది నిమిషాలు టీ రంగు నీళ్ళు వచ్చేవి.

కింది అంతస్తులో ఒక దర్జీ ఉండేవాడు. ఒకనాడు నా లుంగీ అంచు కుట్టివ్వమని వెళ్తే, తెల్లగుడ్డు ఉండాల్సిన చోట అతని కళ్ళు పసుపు రాసినట్టున్నాయి. అతని భార్య గోడకి చేరగిలబడి ఉంది.

"ఇద్దరికీనా?"

"అవతలి ఇంట్లో కూడా ముగ్గురు, పెద్దాయనా. మీరు జాగ్రత్త, మీ ఇంట్లో నిండు మనిషి ఉంది కదా."

పైకొచ్చి చెప్పాను. అల్లుడు మీటరు ముంచాడు. నూట ఇరవై నాలుగు. "మనకేం భయం లేదు" అన్నాడు. చుట్టూ ఇళ్ళు కాలిపోతుంటే గోడ గడియారం చూసి టైము సరిగ్గానే ఉందనుకునేవాడు ఎలా ఉంటాడో ఆ పూట చూశాను.

మరునాడు ఆరోగ్య శాఖ నుంచి ఒకావిడ ఇల్లిల్లూ తిరుగుతూ వచ్చింది. మోకాళ్ళ దాకా తడిసిన చీర, భుజాన సంచి, గొంతులో పొద్దుటినుంచి అరిచిన బొంగురు. సెలవు రోజు కాబట్టి అల్లుడు ఇంట్లోనే ఉన్నాడు.

"కుళాయి నీళ్ళు ఒక గ్లాసు ఇవ్వమ్మా" అని తీసుకుని, సన్న గొట్టంలో పోసి, ఏదో మందు చుక్కలు వేసింది. "క్లోరిన్ ఉంటే పచ్చబడాలి. చూడండి, నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. నిన్నటినుంచి ఈ వీధంతా ఇంతే. మురుగు కలిసి మందంతా తినేసింది. మీరు తాగేవి ఏవి?"

అల్లుడు దేవుడి గది తెరిచినట్టు పెట్టె చూపించాడు. మీటరు కూడా ముంచి చూపించాడు. "నూట ఇరవై నాలుగు. ఐడియల్."

ఆవిడ అతన్ని పైనుంచి కిందికి చూసింది. "బాబూ, ఇది ఉప్పుల్ని చూస్తుంది. మనిషి దొడ్డికెళ్ళింది చూడదు. గ్లాసు నీళ్ళలో ఆవగింజంత పెంట కలిపి ముంచినా దీని నెంబరు పెద్దగా కదలదు."

"లోపల మెంబ్రేన్ ఉందండీ, యూవీ ఉంది..."

"ఉంటే మంచిదే. ఆ అమ్మాయికి మాత్రం కాచి ఇవ్వండి." సంచిలోంచి బొటనవేలంత సీసా తీసింది. లోపల గోధుమరంగు కాగితం ముక్క ఉంది. "మీ మిషను నీళ్ళు ఈ గీత దాకా పోసి, మూత బిగించి, గట్టు మీద పెట్టండి. ఒకటి రెండు రోజుల్లో నల్లబడితే తాగద్దు. నేను ఎల్లుండి వస్తా."

ఆవిడ మెట్లు దిగుతుంటే అల్లుడు తలుపేసి, "సీసాలో కాగితం ముక్కట, సైన్సట" అని నవ్వాడు.

నేను నవ్వలేదు, సీసాలో మిషను నీళ్ళు గీత దాకా పోసి గట్టు మీద పెట్టాను. పనిలేని ముప్పై ఏళ్ళకు ముందు నేను మా ఊరి పాల కేంద్రంలో పాలు పోయించుకునేవాణ్ణి. అక్కడా ఒక మీటరు ఉండేది. పాలలో వేస్తే తేలి నెంబరు చూపించేది. నీళ్ళు కలిపితే నెంబరు పడిపోతుంది. అందుకని మా ఊరి మహానుభావులు ముందు మీగడ తీసేసేవాళ్ళు, అప్పుడు నెంబరు పెరుగుతుంది. తర్వాత నీళ్ళు కలిపేవాళ్ళు, నెంబరు సరిగ్గా మొదటి చోటికే వచ్చి నిలబడుతుంది. మీగడా లేదు, పాలూ లేవు, నెంబరు మాత్రం నిక్షేపం. ఇరవై ఏళ్ళు ఆ దొంగల మధ్య బతికినవాణ్ణి, నా మేనకోడలి గ్లాసు దగ్గర మాత్రం చూస్తూ ఊరుకున్నాను.

కుర్చీలో కూర్చుని పాల లెక్క వేశాను. పొరలోంచి వచ్చే నీళ్ళు పద్దెనిమిది. కుళాయి నీళ్ళు రెండు వందల అరవై. రెండూ ఎంతెంత కలిస్తే నూట ఇరవై నాలుగు అవుతుంది? వేళ్ళ మీద రెండుసార్లు వేశాను, రెండుసార్లూ ఒకటే వచ్చింది. పది గ్లాసుల్లో నాలుగు గ్లాసుల పైచిలుకు కుళాయివే.

లేచి పెట్టె మూత ఊడదీశాను. కళ్ళజోడు పెట్టుకుని గొట్టాల వెంట వేలు పోనిచ్చాను. మన్ను ఆపే గొట్టం, తర్వాత బొగ్గు గొట్టం. అక్కడినుంచి లావు పైపు పొరలోకి, పొరలోంచి నీలం దీపంలోకి వెళ్తోంది. బొగ్గు గొట్టం దగ్గరే మరో సన్న పైపు విడిపోయింది. అది ఆ స్క్రూ గుండా వెళ్ళి, పొరనీ దీపాన్నీ ముట్టుకోకుండా, తిన్నగా చివరి కుళాయిలో కలిసింది. బొగ్గు పనల్లా మన్ను వాసనా, క్లోరిన్ వాసనా పీల్చేయడం. అంటే ఊరివాళ్ళు వేసిన కాస్త మందు మిగిలినా ఇది తీసేసి, పచ్చి మురుగుని వాసన లేకుండా చేసి మా గ్లాసుల్లో పోస్తోంది.

"అమ్మాయీ, ఇలా రా" అన్నాను. "ఆ రోజు నా చెంబు పారబోశావే, సగం వేడివి, సగం పచ్చివి?"

"అవును."

"ఈ స్క్రూ ఆ చెంబే."

ఆమెకు రెండోసారి చెప్పాల్సిన పనిలేకపోయింది. చేతిలో ఉన్న గ్లాసు వంక చూసింది. సగం తాగి ఉంది. మెల్లగా గట్టు మీద పెట్టి, పొట్ట మీద చెయ్యి వేసుకుంది.

అల్లుడు వచ్చి వంగి చూశాడు. "ఆ పైపులో వచ్చేవి కూడా ఫిల్టరైన నీళ్ళే, మామయ్యగారూ. బొగ్గులోంచి వస్తున్నాయిగా!"

"నాయనా, నువ్వు బొగ్గులో నిలబడితే స్నానం చేసినట్టా?"

"ముందు ఆ సీసా ఫలితం రానివ్వండి."

"సీసా నవ్వులాటన్నారు ఇందాక" అంది అమ్మాయి. గొంతు పెంచలేదు. గిన్నె కడిగి, కుళాయి నీళ్ళు గుడ్డలో వడగట్టి, పొయ్యి మీద తనే పెట్టింది. నేను ఎత్తబోతే మోచేత్తో పక్కకు నెట్టింది. ఆ మోచేతి దెబ్బ నాకు పడాల్సిందే.

సీసా మర్నాటి మధ్యాహ్నానికే నల్లబడింది. కొద్దిగా కాదు, కాటుకలా. అల్లుడు వెలుతురులో పెట్టి చూశాడు, తిప్పి చూశాడు, "ఎక్స్‌పైరీ డేటు లేదు దీని మీద" అన్నాడు.

"ఉంది. అడుగున" అంది అమ్మాయి. "వచ్చే ఏడాదికి."

అతను మీటరు జేబులో పెట్టుకున్నాడు. పెట్టుకున్నాడేగాని పారేయలేదు, అది గమనించాను.

ఆ సాయంత్రమే డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాం. ఆవిడ అంతా విని, మొగుడి వైపు తిరిగి, కలం మూత పెట్టేసింది. "నేను కాచమన్నాను. ఫిల్టరు కొనమన్నానా?"

"లేదండీ."

"దీనికి ముందుగా ఇచ్చే మందేమీ నా దగ్గర లేదు. ఒంట్లోకి వెళ్ళిందో లేదో ఇవాళ తెలీదు. రెండు వారాల్నించి రెండు నెలల దాకా ఎప్పుడైనా బయటపడొచ్చు. వాంతులొచ్చినా, మూత్రం ముదురు రంగుకు తిరిగినా, కళ్ళు పచ్చబడినా అదే నిమిషం రండి. నెల తర్వాత రక్తం చూద్దాం. కాన్పు మటుకు ఇక్కడే."

ఏడు వారాలుంది కాన్పుకి. ఏడు వారాలూ ఆ పిల్ల పొద్దున లేవగానే కిటికీ దగ్గర నిలబడి, కింది రెప్ప లాగి, చిన్న అద్దంలో చూసుకునేది. "మామయ్యా, నువ్వు చూడు" అనేది. నేను చూసి, "కొబ్బరి ముక్కలా ఉందే" అనేవాణ్ణి. నా కళ్ళకి పొర ఉన్న సంగతి ఆమెకు తెలుసు. అయినా రోజూ అడిగేది.

అల్లుడు ఆ రోజుల్లో కూడా తలెత్తుకునే తిరిగాడు. నేను అలా తిరిగేవాళ్ళని కొందరిని చూశాను. పడవ వాళ్ళే చిల్లు పెడతారు, నీళ్ళు తోడేవాడితో "నెమ్మదిగా తోడు, గుడ్డలు తడుస్తున్నాయి" అంటారు. మెకానిక్కు మీద కేకలేశాడు, దుకాణానికి ఉత్తరం రాశాడు, సందేశం పంపినవాడితో మాట్లాడటం మానేశాడు. తన తప్పుని ముగ్గురికి పంచి, తనకంటూ చిన్నమెత్తు కూడా మిగుల్చుకోలేదు. పైగా, "నాకేమీ కాలేదు చూడు, రోజుకి మూడు లీటర్లు తాగాను" అని పెళ్ళానికి ధైర్యం చెప్పేవాడు.

ఐదో వారంలో ఒక ఉదయం కాఫీ వాసన పడట్లేదన్నాడు. సాయంత్రానికి వాంతి. మూడో రోజుకి కళ్ళు దర్జీ కళ్ళకంటే పచ్చగా ఉన్నాయి. రంగుల ఫ్యాక్టరీలో ఇరవై రకాల పసుపుకు నెంబర్లు పెట్టినవాడికి తన కళ్ళలోది ఏ నెంబరో చెప్పడానికి నోరు రాలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అమ్మాయి గుమ్మంలోనే నిలబడింది. లోపలికి రాలేదు.

"మామయ్యా, ఆయన్ని ఆ గదిలోనే ఉంచు. బాత్‌రూము మనది వేరు, ఆయనది వేరు. వెళ్ళొచ్చిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, నువ్వు కూడా. వంటింటి గుమ్మం దాటకూడదు."

"ఏమే, నా మొహం కూడా చూడవా?" అన్నాడు లోపలినుంచి, నీరసంగా.

"ఇక్కడ్నించే కనిపిస్తోందండీ. పచ్చగా ఉంది."

ఆమె రక్తం తీసిన రోజు ఫలితానికి సాయంత్రం దాకా కూర్చున్నాం. ఆసుపత్రి బెంచీ మీద ఆమె నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. కాగితం వచ్చింది. డాక్టరమ్మ చదివి, "ఏమీ లేదు. ఈ వారానికి" అంది. ఇంకా రెండు వారాలు అదే మాట. ఆ కాచిన నీళ్ళు ఎక్కడ ఆపాయో, ఎంతలో తప్పిపోయిందో నాకు తెలియదు. ఒకే మిషను నీళ్ళు తాగి ఒకడు పడిపోయాడు, ఒకామె నిలబడింది, నాకు తుమ్ము కూడా రాలేదు. దీంట్లో నా తెలివీ లేదు, అతని కొలతా లేదు. ఆడపిల్ల పుట్టింది. ఏడ్చిన ఏడుపుకి వార్డులో కిటికీ అద్దాలు కదిలాయి. కాస్త ఎక్కువ చెప్పానేమో గాని, ఒక అద్దం మాత్రం నిజంగా కదిలింది.

ఇంటికొచ్చేసరికి వానలు ఇంకా పోలేదు. అల్లుడు లేచి తిరుగుతున్నాడు, బట్టలు వదులై. డాక్టరు ఇంక అతనివల్ల ఎవరికీ అంటదని చెప్పాకే అమ్మాయి అతన్ని వంటింట్లోకి రానిచ్చింది. సన్న పైపు మెకానిక్కు చేత కోయించి, ఆ కన్నం మూయించి, ఆ నీళ్ళు కూడా కాచాల్సిందేనని చెప్పింది. కాచే పని నానుంచి తీసి అతనికి ఇచ్చింది.

మొదటి రోజు అతను పొయ్యి ముందు నిలబడ్డాడు. మేం ముందు గదిలో ఉన్నాం. పిల్ల పాలు తాగుతోంది.

"మరిగాయి" అని కేకేశాడు.

"బుడగలు ఎలా ఉన్నాయండీ?"

"వస్తున్నాయి."

"చిన్నవా, పెద్దవా?"

వంటింట్లో మూత చప్పుడైంది. వంగి గిన్నెలోకి చూస్తున్నాడని తెలుస్తోంది.

"...చిన్నవి."

"అయితే అక్కడే ఉండండి" అంది అమ్మాయి, పిల్లని రెండో వైపుకి మార్చుకుంటూ.